లేఖా రచన : వేషధారణ కోరుతూ చిత్రసంస్కర్తకు లేఖ

ప్రవేశిక

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వీటిలో ఆహార్యం అంటే వేషభూషలు. నటుడు నోరు విప్పకముందే అతడు రాజో, మంత్రియో, సేవకుడో ప్రేక్షకునికి తెలియజేసేది ఆహార్యమే. వాల్‌పోస్టర్ అని మనం వాడుకగా పిలిచే గోడపత్రికలో దీని బాధ్యత మరింత ఎక్కువ. అక్కడ నటుడు కదలడు, మాట్లాడడు. కథనంతా వేషమూ, ముఖమూ మాత్రమే చెప్పాలి.

కళాశాల నాటకాలలో ఒక చిక్కు ఉన్నది. అద్దెకు తెచ్చే దుస్తులు సాధారణంగా ప్రదర్శనకు ముందురోజు గాని చేతికి అందవు. గోడపత్రిక మాత్రం రెండు మూడు వారాల ముందే అతికించాలి. అందువల్ల ఉపాధ్యాయుడు విద్యార్థులను మామూలు దుస్తులలో ఫోటో తీసి, వాటికి కంప్యూటరుపై ఆనాటి వేషాన్ని అమర్చమని ఫోటో ఎడిటర్‌ను కోరుతాడు. ఈ పాఠంలోని లేఖ అటువంటిది.

ఇక్కడ ఒక మాటను గమనించాలి. ఎడిటర్ అనగానే మనకు పత్రికా సంపాదకుడు స్ఫురిస్తాడు. సంపాదకుడు రచనలను ఎంపిక చేసి దిద్దేవాడు. ఈ లేఖలోని ఎడిటర్ బొమ్మలను దిద్దేవాడు. కనుక అతనిని చిత్రసంస్కర్త అనడం ఉచితం. సంపాదకునికి రాసే లేఖలో అభిప్రాయం ప్రధానం. చిత్రసంస్కర్తకు రాసే లేఖలో కొలతలు, ఆధారాలు, హద్దులు ప్రధానం. అతడు నాటకం చదివి ఉండడు, విద్యార్థులను చూసి ఉండడు. లేఖలో లేని ప్రతి విషయాన్నీ తన ఊహతోనే పూరించవలసి వస్తుంది.

నాటక పరిచయం

లేఖలో ప్రస్తావించిన నాటకం 'ప్రతాపరుద్రీయము'. దీనిని వేదం వేంకటరాయశాస్త్రిగారు రచించారు. 1897లో వెలువడింది. కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుకు బందీ కావడం, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో వెళ్లి తన రాజును విడిపించుకు రావడం ఇందులోని ప్రధాన కథ. రాజు లేని వేళ, రూపంలో అచ్చంగా ఆయనను పోలిన చాకలి పేరిగాడు రాజు స్థానంలో నిలుస్తాడు. ఈ పోలికపైనే నాటకంలోని హాస్యమూ, ఉత్కంఠా రెండూ ఆధారపడి ఉన్నాయి.

చరిత్ర ఇందుకు భిన్నం. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని ఢిల్లీకి తీసుకుపోతుండగా ఆయన నర్మదా తీరంలో మరణించినట్లు విలస తామ్రశాసనం చెబుతున్నది. అంటే నాటకంలోని సంఘటనలు కల్పితాలే. అయినా వేషం మాత్రం ఆ కాలానిదే కావాలి. సంఘటనను కల్పించే స్వేచ్ఛ కవికి ఉన్నది గాని, పదునాలుగవ శతాబ్దపు రాజుకు షేర్వాణీ తొడిగే స్వేచ్ఛ గోడపత్రికకు లేదు.

విద్యార్థులను ఈ అంశంపై లేఖ రాయమంటే చాలామంది మూడు వాక్యాలతో ముగిస్తారు. "మా విద్యార్థుల ఫోటోలు పంపుతున్నాను. వారికి రాజుల కాలం నాటి దుస్తులు వేయండి. త్వరగా పంపగలరు." ఇందులో వ్యాకరణదోషం ఏదీ లేదు. అయినా ఈ లేఖ అందుకున్న ఎడిటర్ ఏం చేస్తాడు? రాజుల కాలం అంటే ఏ రాజులు? అతనికి సులభంగా దొరికే రాజవేషం వెల్వెట్టు కోటు, జరీ అంచులు, ముత్యాల తలపాగా. వెనుక చార్మినారు కూడా పెట్టవచ్చు. అది 1591 నాటి కట్టడం. ప్రతాపరుద్రుని తరువాత రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చినది. తప్పు ఎడిటర్‌ది కాదు. అతనికి కాలం చెప్పలేదు, ఆధారం చూపలేదు. ఇప్పుడు అసలు లేఖను చదవండి.

లేఖ

హనుమకొండ,
తేది: 4 నవంబరు.

గౌరవనీయులైన చిత్రసంస్కర్త గారికి,
నమస్కారములు.

విషయం: 'ప్రతాపరుద్రీయము' గోడపత్రిక కోసం విద్యార్థుల ఛాయాచిత్రాలకు కాకతీయుల కాలపు వేషధారణ గురించి.

మా కళాశాల విద్యార్థులు డిసెంబరు 14వ తేదీన 'ప్రతాపరుద్రీయము' నాటకాన్ని ప్రదర్శించనున్నారు. ప్రదర్శనకు మూడు వారాల ముందు గోడపత్రికను అతికించాలని సంకల్పించాము. దుస్తులు అప్పటికి మాకు అందవు. అందువల్ల విద్యార్థులకు ఆనాటి వేషాన్ని బొమ్మలోనే అమర్చి ఇవ్వవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

పత్రిక 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇందులో మూడు రూపాలు కావాలి. కుడివైపున ప్రతాపరుద్ర చక్రవర్తి, ఎడమవైపున చాకలి పేరిగాడు, ఇద్దరికీ వెనుకగా మధ్యలో మంత్రి యుగంధరుడు. రాజు, పేరిగాడు అనే రెండు పాత్రలనూ ఒకే విద్యార్థి ధరిస్తున్నాడు. పత్రిక చూసినవారికి ఆ రెండు ముఖాలూ ఒకటేనని మొదటి చూపులోనే తెలియాలి. ఈ నాటకానికి ప్రాణం ఆ పోలికే. కనుక రాజు వేషంలో చర్మాన్ని తెల్లగా చేయవద్దు, పేరిగాని వేషంలో నల్లగా చేయవద్దు. రెండింటిలోనూ ఆ అబ్బాయి సహజమైన చామనచాయే ఉండాలి. అతని ఎడమ చెంపపై ఉన్న పుట్టుమచ్చను చెరపవద్దు.

విద్యార్థులను ఫోటో తీసేటప్పుడు ముగ్గురు పాత్రధారణలకూ మా వద్దనున్న తెల్లని పంచెలనే కట్టించాము. రాజుకు, మంత్రికి ఉత్తరీయాలు కూడా వేయించాము. గుడ్డ మడతలు, కట్టు, చేతుల భంగిమ నిజమైనవే కనుక మీరు వాటిని కొత్తగా గీయవలసిన పని లేదు. మీరు చేయవలసినది రంగులు, అంచులు, ఆభరణాలు, నేపథ్యం మార్చడమే. కాకతీయ శిల్పాలలో పురుషులు ఎక్కువగా నడుము కింద వస్త్రంతో, పైభాగాన ఆభరణాలతో కనిపిస్తారు. కాని మా విద్యార్థి ఛాతీ కనబడేలా నిలబడడానికి ఇష్టపడలేదు. అందువల్ల ఉత్తరీయాన్ని ఛాతీ నిండుగా కప్పాము. దానిని తొలగించి మరొకరి శరీరాన్ని అతికించవద్దని ప్రత్యేకంగా మనవి.

రాజుకు కావలసిన ఆభరణాలు కంఠహారం, చెవి పోగులు, దండకడియాలు, నడుము పట్టీ. వీటి పోకడ తెలియడానికి పాలంపేటలోని రామప్ప దేవాలయ శిల్పాల ఫోటోలు రెండు జతపరుస్తున్నాను. ఆలయశిల్పాలలో దేవతలకు ఉండే ఎత్తైన కిరీటాన్ని రాజుకు పెట్టవద్దు. రాయి రంగు చెప్పదు కనుక బట్టల రంగులు మన ఊహే. అయితే ఆ ఊహకు ఒక హద్దు ఉండాలి. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, పసుపు, నూలు సహజపు తెలుపు వాడండి. గాఢమైన గులాబీ, మెరిసే ఊదా రంగులు వద్దు. వెల్వెట్టు వద్దు.

పేరిగానికి మోకాళ్ల దాకా కట్టిన పంచె, తలగుడ్డ చాలు. అతని బట్టలు చింపవద్దు, ముఖానికి మసి పూయవద్దు. ఊరందరి బట్టలు ఉతికేవాని బట్టలు మాసి ఉంటాయనుకోవడం సరికాదు.

యుగంధరుని జంధ్యం ఎడమ భుజం మీదుగా కుడి నడుము వైపు దిగాలి. ఫోటోలో అలాగే ఉన్నది. పత్రికలో అమరిక కోసం ఏ ఫోటోనూ కుడి ఎడమలు తారుమారు చేయవద్దు. రాజు, పేరిగాడు ఎదురెదురుగా చూస్తున్నట్లు ఉండడానికి అవసరమైన దిక్కుకే ముఖం తిప్పించి, రెండు వేర్వేరు ఫోటోలు తీశాము.

నేపథ్యంగా వరంగల్ కోటలోని కీర్తితోరణాన్ని వాడవచ్చు. ఇప్పటి ఫోటోలలో కనిపించే ఇనుప కంచెలు, దీపస్తంభాలు, సందర్శకులు కనబడకుండా చూడండి. పత్రికపై వేయవలసిన అక్షరాలను టైపు చేసి పంపడంతోపాటు, చేతితో రాసిన కాగితం ఫోటో కూడా పంపుతున్నాను. 'రుద్రీ' అనే చోట ఒత్తు విడిపోకుండా చూడగలరు.

ఇద్దరు విద్యార్థుల తల్లిదండ్రుల నుంచి అంగీకారపత్రాలు తీసుకున్నాము. ఈ ఫోటోలను ఈ గోడపత్రికకు తప్ప మరి దేనికీ వాడవద్దని, పని ముగిసిన తరువాత తొలగించవలసిందని వారి కోరిక. నాదీ అదే.

నవంబరు 15వ తేదీకి ఒక నమూనా పంపితే మా సూచనలు రెండు రోజులలో తెలియజేస్తాము. 22వ తేదీన అచ్చుకు ఇవ్వవలసి ఉన్నది. మీ ప్రతిఫలం ఎంతో, ఎన్నిసార్లు మార్పులు చేయగలరో ముందుగా తెలియజేయగోరుతాను. పైన కోరినవాటిలో సాధ్యం కానిది ఏదైనా ఉంటే దానిని మీ ఇష్టప్రకారం మార్చక, నాకు ఒక మాట చెప్పండి.

భవదీయుడు,
నాటకోపాధ్యాయుడు.

జతపరచినవి: విద్యార్థుల ఫోటోలు మూడు, రామప్ప శిల్పాల ఫోటోలు రెండు, పత్రికపై వేయవలసిన అక్షరాల ప్రతి.

వివరణ

ఈ లేఖలో 'వద్దు' అనే మాట చాలాసార్లు వచ్చింది. మర్యాదలేఖలో ఇన్ని నిషేధాలు తగునా అని మీకు అనిపించవచ్చు. ముఖ్యమైన నిషేధాల పక్కన రచయిత కారణం చెప్పాడు. కారణం తోడైన నిషేధం ఆజ్ఞలా వినిపించదు. "చర్మాన్ని తెల్లగా చేయవద్దు" అని మాత్రమే రాస్తే అది ఒక వ్యక్తి అభిరుచిగా తోస్తుంది. "ఈ నాటకానికి ప్రాణం ఆ పోలికే" అనే వాక్యం ముందుండడం వల్ల చిత్రసంస్కర్తకు అసలు సంగతి బోధపడుతుంది. రాజును తెల్లగా, చాకలిని నల్లగా చూపడం చిత్రాలలో తరచుగా కనిపించే అలవాటు. మరే నాటకంలోనైనా అది అనౌచిత్యం అనిపించుకుంటుంది. ఈ నాటకంలో కథనే చెడగొడుతుంది. రాజుకూ పేరిగానికీ రంగు తేడా కనబడితే, ఒకరి స్థానంలో మరొకరు నిలిచారన్న మాటను ప్రేక్షకుడు నమ్మడు. వేదంవారు పాత్రోచిత భాషను పాటించి పేరిగానికి అతని వాడుకమాటనే ఇచ్చారు. ముఖాలు ఒకటి, మాటలు వేరు అన్నదే అక్కడి చమత్కారం. గోడపత్రికలో మాట వినిపించదు కనుక ఆ తేడాను బట్టలు చూపాలి, ముఖం చూపరాదు.

జంధ్యం గురించిన వాక్యం మరింత సూక్ష్మమైనది. కంప్యూటరుపై ఫోటోను అద్దంలో ప్రతిబింబంలా తిప్పడం ఒక్క క్షణం పని. పాత్రలు లోపలివైపు చూస్తున్నట్లు కనిపిస్తే పత్రిక అందంగా ఉంటుంది కనుక ఎడిటర్లు తరచుగా ఈ పని చేస్తారు. మామూలు చొక్కా వేసుకున్న మనిషి విషయంలో దానిని ఎవరూ గుర్తించరు. కాని ఎడమ భుజంపై ఉన్న జంధ్యం కుడి భుజంపైకి మారితే అర్థమే మారిపోతుంది. ఎడమ భుజంపై ఉండడం సవ్యం. కుడి భుజంపైకి మార్చుకోవడం అపసవ్యం, అది పితృకార్యాలలో మాత్రమే చేసేది. రాజును విడిపిస్తానని బయలుదేరిన మంత్రి శ్రాద్ధం పెడుతున్నవానిలా కనిపిస్తాడు. ఉత్తరీయం వేసిన భుజం, చెంపపై పుట్టుమచ్చ, చేతిలోని వస్తువు, ఇవన్నీ ఇలాగే స్థానం మారుతాయి. నమూనా చేతికి రాగానే అసలు ఫోటోను పక్కన పెట్టుకొని మొదట పుట్టుమచ్చను చూడాలి. అది కుడి చెంపకు మారి ఉంటే ఫోటోను తిప్పారని వెంటనే తెలిసిపోతుంది.

పంచెలు ముందే కట్టించి ఫోటో తీయడం ఉపాధ్యాయుని అనుభవాన్ని తెలుపుతున్నది. ప్యాంటు, చొక్కా వేసుకున్న అబ్బాయిని పంపి పంచె కట్టమంటే ఎడిటర్ మరొక ఫోటో నుండి పంచెను తెచ్చి అతికించాలి. ఆ రెండు ఫోటోలు ఒకే కోణంలో, ఒకే వెలుతురులో తీసినవి కాకపోతే అతుకు బయటపడుతుంది. వదులైన చొక్కా అంచులు ఉత్తరీయం కింద నుంచి తొంగిచూస్తాయి. నిజమైన గుడ్డను దేహంపై ఉంచి, కెమెరా ముందు దొరకని ఆభరణాలను మాత్రమే బొమ్మలో చేర్చితే పని తేలిక, ఫలితం సహజం. అయినా ఆభరణాల దగ్గర జాగ్రత్త అవసరం. హారం కింద మెడపై సన్నని నీడ పడకపోతే అది గాలిలో తేలుతున్నట్లు ఉంటుంది. దండకడియం చేతి గుండ్రదనానికి వంగకుండా అడ్డంగా ఉంటే కాగితం అతికించినట్లు ఉంటుంది. నమూనాలో చూడవలసిన చోట్లు మెడ, చేయి, పాదాలు. పాదాల కింద నీడ లేకపోతే మనిషి నేలమీద నిలబడినట్లు అనిపించదు.

ఫోటోల పరిమాణం గురించి లేఖ ఏమీ చెప్పలేదు. ఇది ఒక లోటే. చక్కని అచ్చుకు అంగుళానికి 300 బిందువులు ఉండడం మేలు. పత్రికలో రాజు రూపం 9 అంగుళాల ఎత్తు ఉంటే, ఫోటోలో అతని రూపం ఎత్తు 2700 బిందువులు ఉండాలి. నిలువు ఎత్తు 4000 బిందువులుండే ఫోన్ ఫోటోలో మనిషి నిండుగా నిలబడితే ఇది సులభంగా సరిపోతుంది. అదే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పరిమాణం బాగా కుదించుకుపోతుంది. ఎత్తు 1600 బిందువులకు తగ్గిందనుకుంటే, అంగుళానికి 180 కూడా మిగలవు. తెరపై తేడా కనబడదు గాని అచ్చులో ముఖం మసకబారుతుంది. అసలు ఫైలునే పంపుతున్నానని లేఖలో ఒక వాక్యం చేర్చి ఉంటే బాగుండేది. వాట్సాప్‌లో పంపవలసి వస్తే 'డాక్యుమెంట్' రూపంలో పంపాలి.

అక్షరాల గురించి చెప్పిన మాట తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బంది. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి, 'రుద్రీ' అన్నది 'రుద్‌రీ' అయి కూర్చుంటుంది. తెలుగు చదవని ఎడిటర్ దానిని గుర్తించలేడు. చేతిరాత ప్రతి జతపరచడం అందుకే. పక్కపక్కన పెట్టి చూస్తే భాష రానివారు కూడా ఆకారంలోని తేడాను పసిగట్టగలరు.

ఉత్తరీయం గురించి రాసిన వాక్యాలను మరొకసారి చదవండి. శిల్పసాక్ష్యం ప్రకారం ఛాతీపై వస్త్రం లేకపోవడమే చరిత్రకు దగ్గర. విద్యార్థి అందుకు ఇష్టపడలేదు. ఉపాధ్యాయుడు శిల్పం పక్షాన గాక విద్యార్థి పక్షాన నిలిచాడు. ఆ సంగతిని దాచకుండా, రాజీ ఎక్కడ జరిగిందో ఎడిటర్‌కు చెప్పాడు. చెప్పకపోతే ఎడిటర్ శిల్పాల ఫోటోలను చూసి, ఉత్తరీయం పొరపాటున వచ్చిందనుకొని, మరొకరి దేహాన్ని ఆ అబ్బాయి ముఖానికి అతికించే ప్రమాదం ఉన్నది. తనది కాని దేహంతో తన ముఖం ఊరి గోడలన్నింటిపై కనిపిస్తే పదిహేడేళ్ల విద్యార్థికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో మీకు వేరే చెప్పనవసరం లేదు.

కఠిన పదాలకు అర్థాలు

ఆహార్యం : వేషభూషలతో చేసే అభినయం
చిత్రసంస్కర్త : బొమ్మలను దిద్దేవాడు
ఉత్తరీయం : పైన వేసుకునే వస్త్రం
దండకడియం : జబ్బకు ధరించే ఆభరణం
చిరివేరు : ఎర్రరంగునిచ్చే వేరు
అపసవ్యం : జంధ్యాన్ని కుడి భుజంపైకి మార్చుకోవడం
నేపథ్యం : చిత్రంలో వెనుక కనిపించే భాగం

అభ్యాసం

1. "రాజీ ఎక్కడ జరిగిందో ఎడిటర్‌కు చెప్పాడు." ఈ వాక్యాన్ని లేఖ ఆధారంగా వివరించండి.

2. పై లేఖకు చిత్రసంస్కర్త సమాధానం రాస్తున్నట్లు భావించండి. కీర్తితోరణం ఫోటోలో వెలుతురు కుడివైపు నుండి, విద్యార్థుల ఫోటోలలో ఎడమవైపు నుండి పడుతున్నదని అతడు గమనించాడు. ఏ ఫోటోనూ తిప్పవద్దని లేఖలో ఉన్నది. అతడు ఉపాధ్యాయుని ఏమి అడగాలో పది వాక్యాలలో లేఖగా రాయండి.

3. మీ కళాశాలలో ప్రదర్శించదలచిన ఒక చారిత్రక నాటకానికి గోడపత్రిక కోరుతూ లేఖ రాయండి. ఏ కాలపు వేషమో, దానికి మీరు చూపే ఆధారం ఏమిటో తప్పక పేర్కొనండి.